బ్యూటీ ఫిల్టర్ పెట్టిన ఫోటో ఇస్తే ఏఐ బొమ్మలో మనిషి ఎందుకు మారిపోతారు?

తల్లిదండ్రులకు, హైస్కూల్ విద్యార్థులకు – కంప్యూటర్ ల్యాబ్ నుంచి

2025 ఆగస్టు 26న గూగుల్ తన జెమినిలో కొత్త బొమ్మల మోడల్‌ను విడుదల చేసింది. దాని అసలు పేరు జెమిని 2.5 ఫ్లాష్ ఇమేజ్. జనం నోట మాత్రం "నానో బనానా" అనే పేరే నిలిచింది. సెప్టెంబరు రెండో వారానికల్లా దేశమంతా చీర ఫోటోల సందడి మొదలైంది. మన ఫోటో ఒకటి ఇస్తే చాలు, పాత సినిమా హీరోయిన్ లాగ షిఫాన్ చీర, జడలో పూలు, వెనక గోడ మీద సాయంత్రపు ఎండతో బొమ్మ తయారై వచ్చేది. హూడి సర్కిల్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ పది రోజులూ అవే ఫోటోలు. మన స్కూల్ పేరెంట్స్ గ్రూపులోనూ చాలా వచ్చాయి.

అప్పటి నుంచి నన్ను చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "మేడం, బొమ్మ బాగుంది, కానీ అందులో ఉన్నది నేను కాదు. ఎందుకని?" కారణాలు రెండు మూడు ఉన్నాయి. వాటిలో ఎక్కువసార్లు కనిపించేది, మనం తేలిగ్గా సరిచేసుకోగలిగేది ఒక్కటే: మనం ఇచ్చిన ఫోటోలోనే మన ముఖం లేకపోవడం. ఈ వ్యాసం దాని గురించే.

కుప్పం అమ్మమ్మ గుర్తుపట్టలేదు

మన ఏడో తరగతి విద్యార్థి తల్లి ఒకావిడ తన అమ్మ పుట్టినరోజుకి ఒక బొమ్మ చేయించాలనుకున్నారు. అమ్మ పెళ్లినాటి చీర ఫోటో ఒకటి ఉంది. ఆ చీరలో తను ఉన్నట్టు బొమ్మ చేసి, ప్రింట్ వేయించి, ఫ్రేము కట్టించి కుప్పం పంపాలని ఆలోచన. తన సెల్ఫీ ఒకటి, చీర ఫోటో ఒకటి ఒక ఉచిత యాప్‌లో పెట్టారు. అర నిమిషంలో బొమ్మ వచ్చింది. చీర అంచు, జరీ, చేతుల గాజులు అన్నీ చక్కగా ఉన్నాయి. ముందు వాట్సాప్‌లో అమ్మకి పంపి చూపించారు. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఎవురు మే ఈ బిడ్డ? నీ స్నేహితురాలా? నా చీర ఎందుకు కట్టుకోనుండాది?"

కూతురిని తల్లే గుర్తుపట్టలేదు. ఆవిడ నవ్వుతూనే ఈ సంగతి చెప్పారు గానీ, మనసులో కొంచెం కష్టమే అనిపించిందట. ఫ్రేముకి ఇచ్చిన ఆర్డర్ ఆపేసి, ఒక శనివారం ల్యాబ్‌కి వచ్చారు. మేమిద్దరం మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాం. మొదటిది ఆవిడ యాప్‌కి ఇచ్చిన సెల్ఫీ. రెండోది యాప్ ఇచ్చిన బొమ్మ. మూడోది అప్పటికప్పుడు ల్యాబ్ కిటికీ దగ్గర నేను వెనక కెమెరాతో తీసిన ఫోటో.

మూడింటినీ ముఖం వెడల్పు సమానంగా, చెంప ఎముకల దగ్గర 64 మిల్లీమీటర్లు వచ్చేట్టు ప్రింట్ తీశాం. తర్వాత మామూలు స్కేలుతో నోటి మట్టంలో దవడ వెడల్పు కొలిచాం. నేను తీసిన ఫోటోలో 54 మి.మీ. వచ్చింది, సెల్ఫీలో 49, బొమ్మలో 46. అంటే చెంపలతో పోలిస్తే దవడ నిష్పత్తి 0.84 నుంచి 0.77కి, అక్కడి నుంచి 0.72కి దిగింది. సన్నబడటంలో పెద్ద భాగం ఏఐ చెయ్యలేదు, ఫోన్ కెమెరానే చేసి పెట్టింది. ఆవిడ ఆశ్చర్యపోయారు. "నేను ఏ ఫిల్టరూ పెట్టలేదు మేడం" అన్నారు. ఆవిడ మాట నిజమే, ఆవిడ పెట్టలేదు. ముందు కెమెరాలో బ్యూటీ అనే సెట్టింగ్ కొన్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉంది.

ఫిల్టర్ మన ముఖానికి ఏం చేస్తుంది

బ్యూటీ అనే ఒక్క బటన్ వెనక మామూలుగా మూడు పనులు జరుగుతాయి. చాలామంది మొదటిదాన్నే గమనిస్తారు.

మొదటిది నున్నగా చెయ్యడం. ఫోటో అంటే చిన్న చిన్న రంగు చుక్కల గుంపు అని ఆరో తరగతిలో చెప్పుకున్నాం. ఫిల్టర్ ఒక్కో చుక్కనీ తీసుకుని, చుట్టూ ఉన్న చుక్కల్లో దాదాపు అదే రంగున్న వాటితో సగటు కట్టి, ఆ సగటు రంగును అక్కడ పెడుతుంది. బుగ్గ మీద రంగు కొంచెం కొంచెంగానే మారుతుంది కాబట్టి అక్కడి గరుకు, రంధ్రాలు, లేత మచ్చలు, నవ్వు గీతలు కరిగిపోతాయి. కనురెప్ప అంచు, పెదవి అంచు దగ్గర రంగు తేడా ఎక్కువ కాబట్టి అవి అలాగే నిలబడతాయి. అందుకే ఫిల్టర్ ఫోటో మసకగా కనపడదు. కళ్లు పదునుగా ఉంటాయి, చర్మం మాత్రం ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. నల్లగా ఉన్న పుట్టుమచ్చ ఈ సగటుకి లొంగకపోతే, "మచ్చల తొలగింపు" అనే ఇంకో మెట్టు దాన్ని తుడిచేస్తుంది.

ఇంకో నష్టం కంటికి వెంటనే కనపడదు. ముక్కు పక్కన పడే సన్నటి నీడ, బుగ్గ ఎముక కింద చీకటి, గడ్డం కింద మసక, ఇవి కేవలం రంగులు కావు. ముక్కు ఎంత ఎత్తు, బుగ్గ ఎంత లోతు అని ఒక చదునైన ఫోటోలో తెలిసేది ఆ నీడల వల్లే. నున్నగా చేసి, తెల్లగా చేస్తే నీడలు పలచబడతాయి. ముఖం ఎత్తుపల్లాలు లేని కాగితంలా తయారవుతుంది.

రెండోది ఆకారం మార్చడం. ఫోన్ ముఖం మీద కొన్ని గుర్తులు పెట్టుకుంటుంది, కళ్ల కొనలు, ముక్కు కొస, పెదవుల చివరలు, దవడ గీత ఇలా. గూగుల్ వారి మీడియాపైప్ అనే ఉచిత సాధనం ముఖం మీద 468 బిందువులు గుర్తించి ఒక వలలా కడుతుంది. ఆ వలను అక్కడక్కడా లాగితే కళ్లు పెద్దవవుతాయి, దవడ లోపలికి పోతుంది, ముక్కు సన్నబడుతుంది. రబ్బరు షీటు మీద బొమ్మ గీసి లాగినట్టే అనుకోండి. మూడోది రంగు తేల్చడం, పెదవులకి ఎరుపు, బుగ్గలకి గులాబీ రంగు పుయ్యడం.

నా అనుభవంలో మనిషిని మార్చేసేది ఎక్కువగా రెండోదే. మచ్చ పోయినా అమ్మ గుర్తుపడుతుంది, దవడ మారితే ఆగిపోతుంది. కానీ తల్లిదండ్రులు నాతో మాట్లాడినప్పుడల్లా నున్నదనం గురించే అంటారు, ఎందుకంటే అది కనిపిస్తుంది, లాగుడు కనిపించదు.

ఫోన్లు రాకముందు ఈ పని లేదని కాదు. నలుపు తెలుపు రోజుల్లో స్టూడియోవాళ్లు నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో "టచింగ్" చేసేవాళ్లు. మీ ఇంట్లో తాతల కాలం పెళ్లి ఫోటో ఉంటే బుగ్గల మీద చూడండి, గీతలన్నీ మాయం. కానీ టచింగ్ చేసే మనిషి దవడ జోలికి వెళ్లేవాడు కాదు. ముఖం ముఖంగానే ఉండేది.

ఏఐ మన ఫోటోను ఎలా చదువుతుంది

బొమ్మలు చేసే యాప్ మన ఫోటోను కత్తిరించి కొత్త బొమ్మకి అతికించదు. ముందు ఫోటోను చదివి ఒక అంకెల వరుసగా మార్చుకుంటుంది. ఆ అంకెలే దానికి మన వివరం. ఆ తర్వాత గందరగోళంగా ఉన్న చుక్కల నుంచి మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా వాటిని శుభ్రం చేస్తూ, ఆ వివరానికి సరిపోయే కొత్త ముఖాన్ని గీస్తుంది.

అందరికీ తెరిచి పెట్టిన పద్ధతుల్లో ఇది స్పష్టంగా చూడొచ్చు. 2023లో వచ్చిన ఐపీ-అడాప్టర్ అనే పద్ధతిలో మనం ఇచ్చిన ఫోటో 224 × 224 చుక్కలకు కుదించబడి, 14 చుక్కల గళ్లుగా, అంటే అడ్డంగా 16, నిలువుగా 16 గళ్లుగా చదవబడుతుంది. ముఖం కోసం ప్రత్యేకంగా చేసిన ఇన్‌స్టంట్‌ఐడీ లాంటివి ముఖాన్ని గుర్తించే ప్రోగ్రామ్‌ను వాడతాయి. అది ముఖాన్ని 112 × 112 చుక్కలకు కత్తిరించి 512 అంకెలుగా మారుస్తుంది.

విద్యార్థులు ఒక లెక్క చెయ్యండి. ముఖం వెడల్పు 14 సెంటీమీటర్లు అనుకుందాం. అది 112 చుక్కల్లో నిండితే ఒక సెంటీమీటరుకి 8 చుక్కలు. మూడు మిల్లీమీటర్ల పుట్టుమచ్చకి ఎన్ని చుక్కలు? రెండున్నర కూడా రావు. అంటే శుభ్రమైన ఫోటోలోనే ఆ మచ్చ బతకడం కష్టం. ఫిల్టర్ దాన్ని ముందే సగం తుడిచేస్తే ఇక ఏమీ మిగలదు. అదే దవడ వెడల్పయితే? అది డజన్ల చుక్కల మీద పరుచుకుని ఉంటుంది, కాబట్టి ఏఐ దాన్ని బాగా పట్టుకుంటుంది. ఫిల్టర్ సన్నబరచిన దవడను కూడా అంతే నమ్మకంగా పట్టుకుంటుంది. దాని దృష్టిలో అదే అసలు ముఖం, పోల్చుకోవడానికి ఇంకోటి లేదు.

మరి బొమ్మలో దవడ 49 నుంచి 46కి ఇంకా ఎందుకు దిగింది? ఇక్కడ రెండో సంగతి వస్తుంది. ఫోటో చెప్పని చోట ఏఐ ఖాళీగా వదలదు. తను నేర్చుకున్న కోట్ల ఫోటోల్లో ఇలాంటి ముఖానికి మామూలుగా ఏముంటుందో దానితో నింపుతుంది. "చీర కట్టుకున్న అందమైన యువతి" అని రాస్తే, దానికి గుర్తొచ్చేవి మోడళ్ల ఫోటోలు, సినిమా పోస్టర్లు, ముందే ఫిల్టర్ పెట్టిన సెల్ఫీలు. మన ముఖానికే చెందిన గుర్తులు ఫోటోలో గట్టిగా ఉంటే అవి ఆ సగటును అడ్డుకుంటాయి. ఫిల్టర్ వాటిని తీసేస్తే అడ్డు ఉండదు, ముఖం సగటు వైపు జారిపోతుంది. అంటే ఒకే ముఖానికి రెండుసార్లు ఫిల్టర్ పడినట్టు, ఒకసారి ఫోన్‌లో, ఒకసారి బొమ్మలో.

తల తిప్పిన బొమ్మ అడిగితే ఇది ఇంకా బయటపడుతుంది. ఎదురుగా తీసిన ఫోటో ఇచ్చి "పక్కకి చూస్తున్నట్టు చెయ్యి" అన్నామనుకోండి. ముక్కు ఎంత పొడుచుకుని ఉందో ఏఐ ఊహించాలి. దానికి ఆధారం ఆ నీడలే. అవి లేకపోతే ముక్కు దానికి తోచినట్టు వస్తుంది. మా ఆవిడ బొమ్మలో కూడా ముఖం కొంచెం పక్కకి తిరిగి ఉంది, ముక్కు వేరే ఎవరిదో.

చర్మం రంగు కూడా ఇలాగే. ఫోన్ ఒక మెట్టు తేల్చిన రంగును బొమ్మ ఇంకో మెట్టు తేల్చి ఇస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలతో ఇది చేసి చూపించిన రోజు, ఒక అమ్మాయి తన బొమ్మను చాలాసేపు చూసి, "మిస్, ఇది మా అక్క లాగుంది, నాలాగ లేదు" అంది. నవ్వుతూ అనలేదు. ఇంట్లో పిల్లలు ఇలాంటివి చేసుకుంటుంటే పక్కన ఒకసారి కూర్చోండి అని తల్లిదండ్రులను అడిగేది అందుకే.

ఫోటోలో ఫిల్టర్ ఉందని ఎలా తెలుస్తుంది

ఫోటోను బాగా పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ కనపడే దాకా వెళ్లండి. వెంట్రుకలు అంత స్పష్టంగా ఉన్నప్పుడు బుగ్గ మీద రంధ్రాలు, నూగు కూడా కనపడాలి. అవి లేకపోతే నున్నగా చేశారన్నమాట. రెండూ మసకగా ఉంటే అది ఫిల్టర్ కాదు, చెయ్యి కదలడమో, లెన్స్ మీద వేలిముద్రో, లేకపోతే వాట్సాప్ కుదింపో.

ఆకారం మారిందో లేదో తెలుసుకోవాలంటే ముఖాన్ని కాదు, ముఖం పక్కన ఉన్నవాటిని చూడండి. దవడ వెనక తలుపు గడప, టైల్స్ గీత, కిటికీ ఊచ ఏదైనా ఉంటే అది చెంప దగ్గర కొంచెం వంగి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకునే వాళ్లకి ఫ్రేము ఒక వైపు ఉబ్బినట్టు కనపడుతుంది. మెడ రంగు, ముఖం రంగు తేడాగా ఉన్నా అనుమానించాలి. ఆవిడ సెల్ఫీలో వెనక మెట్రో స్టేషన్ రెయిలింగ్ ఉంది. తిన్నగా ఉండాల్సిన కడ్డీ ఆవిడ గడ్డం దగ్గర విల్లులా వంగింది. అది చూపించాకే ఆవిడకి నమ్మకం కుదిరింది.

ఒక సంగతి విడిగా చెప్పాలి. ఫిల్టర్ లేకపోయినా సెల్ఫీలో ముక్కు పెద్దగా పడుతుంది. అది దూరం వల్ల. 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టి చూపించారు: 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువ కనపడుతుంది. కాబట్టి బొమ్మలో ముక్కు మరీ పెద్దగా వస్తే దూరాన్ని అనుమానించండి, మరీ సన్నగా వస్తే ఫిల్టర్‌ని.

మేం రెండోసారి ఎలా చేశాం

ముందు ఆవిడ ఫోన్ కెమెరా తెరిచి సెల్ఫీ మోడ్‌లో బ్యూటీ గుర్తు వెతికాం. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, బ్యూటీ, రీటచ్, స్కిన్ స్మూతింగ్, ఫేస్ అని. అన్నీ సున్నాకి దించాం. ఒకటి గుర్తుంచుకోండి: నున్నదనం సున్నా చేసినా ముఖం సన్నబరిచేది, కళ్లు పెంచేది విడి విడి గీతలుగా లోపల ఇంకా ఆన్‌లో ఉండొచ్చు. కెమెరా మూసి మళ్లీ తెరిచి చూడాలి, కొన్ని ఫోన్లలో పాత సెట్టింగ్ తిరిగి వస్తుంది.

ఫోటో మాత్రం వెనక కెమెరాతోనే తీశాం. ఆవిడను కిటికీకి కొంచెం పక్కగా నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా, నేను అయిదు అడుగుల దూరంలో నిలబడి, రెండింతలు జూమ్ చేసి తీశాను. వెలుగు ఒక వైపు నుంచి పడితే ముక్కు నీడ, బుగ్గ నీడ మెత్తగా పడతాయి, మనకి కావలసింది అదే. ఎదురుగా ఒకటి, కుడికి కొంచెం తిరిగి ఒకటి, ఎడమకి ఒకటి, మొత్తం మూడు. సెల్ఫీల్లో కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాయి, కుడి పుట్టుమచ్చ ఎడమకి పోతుంది. వెనక కెమెరాతో ఆ గొడవ లేదు.

నా ఫోన్ నుంచి ఆవిడ ఫోన్‌కి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాను. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది, చర్మం మీది సన్నటి వివరాలు మొదట పోయేది అక్కడే.

యాప్‌లో రాసే మాటల్లో "అందమైన", "యువతి" అనేవి తీసేశాం. వయసు రాశాం, ముఖం మార్చొద్దని రాశాం, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంచమని రాశాం. మాటలకి ఒక హద్దు ఉంది. మొదటి ఫిల్టర్ సెల్ఫీతోనే ఈ మాటలన్నీ రాసి చూస్తే పుట్టుమచ్చ వచ్చింది గానీ పెదవి పక్కన వచ్చింది, ముఖం పాతదే. ఫోటోలో లేనిదాన్ని మాటలు తిరిగి తేలేవు. "ఎన్‌హాన్స్" చేసే యాప్‌లు కూడా అంతే. నున్నటి బుగ్గ మీద అవి వేసే గరుకు మనది కాదు, కల్పించినది.

కొత్త ఫోటోలతో వచ్చిన బొమ్మలో దవడ 53 మి.మీ. వచ్చింది. పుట్టుమచ్చ తన చోటే ఉంది, కొంచెం పెద్దగా. నచ్చని చోట మార్పు చెయ్యాలనుకున్నప్పుడు వచ్చిన బొమ్మ మీదే మళ్లీ మార్చమని అడగలేదు. ప్రతిసారీ అసలు ఫోటోల నుంచే మొదలుపెట్టాం. బొమ్మ మీద బొమ్మ చేయిస్తూ పోతే, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు, నాలుగో దానికి ముఖం మళ్లీ జారిపోతుంది.

మనిషి లేనప్పుడు

కొందరు పోయినవాళ్ల ఫోటోలతో అడుగుతున్నారు. చివరి రోజుల్లో తీసిన ఫోటో ఒక్కటే ఉంది, అది ఫిల్టర్ సెల్ఫీ, దాన్నుంచి పటం కట్టించుకునే ఫోటో చెయ్యాలని. అలాంటప్పుడు కొత్త భంగిమ, కొత్త బట్టలు అడగకండి. బంధువుల పెళ్లి ఆల్బమ్‌లు, ఆఫీసు గ్రూప్ ఫోటోలు, వేరేవాళ్లు వెనక కెమెరాతో తీసినవి వెతకండి. బాగా పడలేదని మనం నవ్వుకునే గుర్తింపు కార్డు ఫోటోలోనే చాలాసార్లు అసలు ముఖం ఉంటుంది. ఆధార్ కార్డును మాత్రం ఏ యాప్‌లోనూ పెట్టొద్దు. ఏదీ దొరక్కపోతే ఉన్న ఫోటోనే ఉన్నట్టుగా ప్రింట్ వేయించడం మేలని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ చూసే పటంలో ఇంకెవరి ముఖమో ఉండకూడదు.

స్కూల్ పనులకి సంబంధించి ఒక మాట. గుర్తింపు కార్డుకి, పరీక్ష దరఖాస్తులకి ఇచ్చే ఫోటోలు బ్యూటీ ఆఫ్ చేసి తీసినవే ఇవ్వండి. పాస్‌పోర్టుకి కూడా కంప్యూటర్‌లో మార్పులు చేసిన ఫోటో పనికిరాదు. పిల్లలు తోటి విద్యార్థుల ఫోటోలను వాళ్ల ఇంట్లో అడగకుండా ఏ బొమ్మల యాప్‌లోనూ పెట్టకూడదు.

కుప్పానికి రెండో బొమ్మ వెళ్లింది. ఈసారి అమ్మమ్మ వెంటనే గుర్తుపట్టారు. కాసేపు చూసి, "అంతా బాగుండాది, ముక్కుపుడక ఏడ పెట్టినావు మే?" అని అడిగారట. ఆవిడ శనివారం ల్యాబ్‌కి వచ్చేటప్పుడు ముక్కుపుడక తీసి ఇంట్లో పెట్టి వచ్చారు. వచ్చే శనివారం మళ్లీ ఫోటో తీస్తున్నాం.